టీబీ మందులు పూర్తయ్యాయి. ఎవరు ఏం చేశారో రాస్తున్నాను

నా టీబీ చికిత్స అయిపోయింది. చివరి తెమడ పరీక్షలో క్రిములు కనబడలేదు. ఎక్స్‌రే కూడా చూసి, ఇక మాత్రలు ఆపేయొచ్చని డాక్టరు గారు చెప్పారు. 44 కిలోలకి పడిపోయిన బరువు ఇప్పుడు 48కి వచ్చింది.

ఈ కబురు ఆదివారమే ఒకసారి పెట్టాను. దాన్ని తీసేసి మళ్ళీ రాస్తున్నాను. అందులో పునర్జన్మ అని, నడిచే దేవతలని రాశాను గానీ, ఎవరు ఏం చేశారో ఒక్క ముక్క లేదు. అత్తయ్య చదివించుకుని విని, "దేవతనేంటమ్మా, జావ కాచి ఇచ్చాను" అన్నారు. నిజమే, జావ గురించే రాయాలి. ఎవరి పేర్లూ పెట్టడం లేదు. టీబీ అంటే మన చుట్టుపక్కల ఇంకా భయం ఉంది, వాళ్ళలో కొందరు వద్దన్నారు.

సంక్రాంతి వెళ్ళాక కూడా దగ్గు తగ్గలేదు. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడేది. బడిలో రోజంతా గట్టిగా మాట్లాడతాను కదా, గొంతు పట్టేసిందనుకున్నాను. మందుల షాపు సిరప్‌లతో లాగిస్తుంటే మా వీధి ఆశా అక్క చూసి, "దగ్గు రెండు వారాలు దాటిందా?" అని అడిగి, అక్కడికక్కడే ప్రభుత్వాసుపత్రికి వెళ్ళమని చెప్పారు. నేను రేపు మాపు అంటుంటే ఆవిడే తెమడ డబ్బా తెచ్చి ఇచ్చారు. పొద్దున్న లేవగానే, ఏమీ తినకముందు, నోరు పుక్కిలించి, లోపల్నుంచి దగ్గి తియ్యాలి, ఉమ్మి పనికిరాదు అని అర్థమయ్యేలా చెప్పారు. ఆ పరీక్షలోనే బయటపడింది. ఆవిడ అడక్కపోతే నేను ఇంకో నెల సిరప్‌లే తాగేదాన్ని, అదీ ఇంట్లో పాపని పెట్టుకుని.

ఫిబ్రవరిలో మందులు మొదలుపెట్టారు. నా బరువుకి రోజుకి మూడు మాత్రలు, ఆరు నెలలు. పరీక్షలకీ మందులకీ డబ్బు తీసుకోలేదు. మొదటి రోజే ఆశా అక్క ఒక మాట చెప్పి ఉంచారు: మూత్రం నారింజ రంగులో వస్తుంది, అది మందు రంగు, కంగారు పడొద్దు అని. ఆ మాట లేకపోతే ఆ మొదటి రోజు ఎంత టెన్షన్ పడేదాన్నో!

అందరికంటే ఎక్కువ రాయాల్సింది అత్తయ్య గురించి. మొదటి రెండు నెలలు మాత్రల వాసనకే కడుపులో తిప్పేది. పొద్దున్న ఏం పెట్టినా బయటికి వచ్చేసేది. అత్తయ్య విసుక్కోకుండా ఒక్కోటీ మార్చి చూశారు. ఇడ్లీ పడలేదు, ఉప్మా పడలేదు. రాగిజావ పల్చగా, ఉప్పేసి, చల్లారాక ఇస్తే నిలిచింది. అప్పట్నుంచి రాత్రే పిండి నానబెట్టుకుని తెల్లారకముందే లేచి కాచేవారు. ఆవిడ గుడ్డు ముట్టరు. నాకు మాత్రం రోజూ ఉడకబెట్టి, పెంకు తీసి, మిరియాల పొడి చల్లి ఇచ్చారు. మోకాళ్ళ నొప్పులతోనే ఇదంతా చేశారు. నాకు కాస్త ఓపిక వచ్చాక వంట నేను చేస్తానంటే, "ముందు అన్నం పూర్తిగా తిను, తర్వాత చూద్దాం" అన్నారు.

పాపని కూడా ఆవిడే చూసుకున్నారు. ఇంట్లో అందరికీ పరీక్షలు చేస్తే ఎవరికీ జబ్బు లేదని తేలింది. పాపకి నాలుగేళ్ళే కాబట్టి, రాకుండా ఉండేందుకు ఆరు నెలలు మందు వెయ్యమన్నారు. రోజూ ఒకే వేళకి దానికి మందు వెయ్యడం, వేశాక క్యాలెండరులో గీత పెట్టడం అత్తయ్య పనే. మొదట్లో పాప నా గదిలో పడుకోకూడదని చెప్పారు. "అమ్మ దగ్గరికెళ్తా" అని అది రాత్రుళ్ళు ఏడ్చేది. అత్తయ్య దాన్ని ఒళ్ళో వేసుకుని, తన చిన్నప్పుడు గోదావరి వరద ఇంటి గుమ్మం దాకా వచ్చిన కథ చెప్పి పడుకోబెట్టేవారు. గోడ ఇవతల నేనూ ఆ కథే వింటూ నిద్రపోయేదాన్ని.

మా ఆయన పొద్దున్న డ్యూటీకి వెళ్ళే ముందు నా ఎదురుగా నిలబడి మాత్రలు వేయించి, ఖాళీ స్ట్రిప్పు చూసేవారు. ఒకరోజు నేను ఇక వేసుకోనని మొండికేశాను. ఆయనా కోప్పడ్డారు, ఇద్దరం మాట్లాడుకోలేదు. అయినా మాత్రలు వేసుకున్నాకే గడప దాటారు. మధ్యాహ్నం ఫోన్ చేసి, "వాంతుల సంగతి నేను డాక్టరు గారిని అడుగుతాను, నువ్వు మాత్రం సొంతంగా ఆపొద్దు" అన్నారు. మర్నాడు సెలవు పెట్టి తీసుకెళ్ళారు. రక్తం తీసి లివరు పరీక్ష చేశారు, బాగానే ఉంది. కొంచెం తిన్నాక వేసుకోమని, వాంతికి వేరే మాత్ర రాసిచ్చారు. ఆ తర్వాత తేలికైంది.

ప్రభుత్వం పోషణకి నెలకి వెయ్యి రూపాయలు బ్యాంకు ఖాతాలో వేస్తుంది. నా ఖాతా వివరాల్లో ఏదో తేడా వల్ల డబ్బు పడలేదు. తమ్ముడు కాగితాలు పట్టుకుని బ్యాంకుకీ ఆసుపత్రికీ తిరిగి సరిచేయించాడు. ఆ డబ్బు గుడ్లకీ పాలకీ సరిపోయింది. పైవాటాలో ఉండే ఇంటి ఓనరు ఆంటీకి విషయం మేమే చెప్పాం. ఖాళీ చేయమంటారేమోనని భయపడ్డాను. ఆవిడ ఒక్కటే అడిగారు, గాలి బాగా ఆడే గది ఏదని. తర్వాత వాళ్ళబ్బాయితో నా గది కిటికీకి బిగుసుకుపోయిన రెక్క ఊడదీయించి బాగుచేయించారు.

మా హెడ్‌మిస్ట్రెస్ మేడమ్ నా ఉద్యోగం ఉంచారు. నా మూడో తరగతిని ఇద్దరు టీచర్లు తమ ఖాళీ పీరియడ్లు వదులుకుని పంచుకున్నారు. పరీక్ష పేపర్లు కూడా వాళ్ళే దిద్దారు. వాళ్ళకి అప్పుడు సరిగ్గా థ్యాంక్స్ చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను. ఇకమీదట మీ ఇద్దరిలో ఎవరు సెలవు పెట్టినా ఆ పీరియడ్లు నావే.

కొందరు మా ఇంటికి రావడం మానేశారు. వాళ్ళ మీద కోపం లేదు. తెలియక అలా చేశారు. టీబీ గాలి ద్వారా, అదీ ఊపిరితిత్తుల టీబీ ఉన్నవాళ్ళు దగ్గినప్పుడు వస్తుంది. కంచం వల్లో, దుప్పటి వల్లో రాదు. మందులు సరిగ్గా వేసుకుంటుంటే కొన్ని వారాల్లోనే ఇతరులకి అంటుకునే ప్రమాదం బాగా తగ్గిపోతుంది. కాబట్టి మీ వీధిలో ఎవరికైనా టీబీ అని తెలిస్తే, ఆ ఇంట్లో గుడ్డు ఉడకబెట్టే మనిషి ఉన్నారో లేదో కనుక్కోండి.

రెండేళ్ళ దాకా ఆరు నెలలకోసారి చూపించుకోవాలి. సోమవారం నుంచి బడికి వెళ్తున్నాను. మందుల గురించి ఎవరికైనా అడగాలనిపిస్తే సాయంత్రం ఆరు తర్వాత ఫోన్ చేయండి. రహస్యంగానే ఉంచుతాను. దగ్గు రెండు వారాలు దాటినవాళ్ళు మాత్రం నాకు ఫోన్ చేసే ముందు తెమడ పరీక్ష చేయించుకోండి.