విషయం: రోగుల ఇంటర్వ్యూల ఫైళ్లన్నీ తొలగించడం గురించి

హైదరాబాద్
2 డిసెంబర్ 2025

సుజాత గారికి,

నమస్కారం. నవంబర్ 30తో మన ఒప్పందం ముగిసింది. మీ ఆఖరి బిల్లు డబ్బు నిన్ననే ఖాతాలో వేయించాను, టీడీఎస్ పోను మిగతాది అందిందో లేదో చూసుకోండి. నలభై రెండు ఇంటర్వ్యూలు, సగానికి పైగా పల్లె యాసలో ఉన్నవి, ఒక్క మాట జారకుండా రాసిచ్చారు. ఆసుపత్రివాళ్లు మీ పనిని మెచ్చుకుంటూ నాకు ఫోన్ చేశారు.

ఇక ఒక పని మిగిలింది. ఒప్పందంలోని తొమ్మిదో క్లాజు ప్రకారం ఆ ఆడియోలు, ట్రాన్‌స్క్రిప్ట్‌లు, రోగుల పేర్లున్న ఎక్సెల్ షీటు ఇకపై మీ దగ్గర ఉండకూడదు. డిసెంబర్ 10 లోపు అన్నీ తీసేయండి.

పదిహేడో ఇంటర్వ్యూ మీకు గుర్తుండే ఉంటుంది. టైప్ చేయలేక మధ్యలో ఆపేశానని ఆ రోజు ఫోన్‌లో చెప్పారు. ఇంట్లోవాళ్లకు కూడా చెప్పుకోని బాధ ఆవిడ మన రికార్డరు ముందు చెప్పుకుంది. ఈ అధ్యయనానికి తప్ప వాడబోమని మాటిచ్చి తీసుకున్నాం. అవసరం తీరాక వ్యక్తిగత సమాచారాన్ని తొలగించాలని 2023 నాటి డేటా రక్షణ చట్టమూ చెబుతోంది. ఆ చట్టం లేకపోయినా నేను ఇదే అడిగేదాన్ని.

ల్యాప్‌టాప్‌లో ఫోల్డర్ డిలీట్ చేస్తే ఫైళ్లు రీసైకిల్ బిన్‌లోకి వెళ్తాయి, దాన్ని కూడా ఖాళీ చేయండి. గూగుల్ డ్రైవ్‌లో మీ సొంత ఖాతాలోకి కాపీ చేసుకున్నవి ఉంటే, తీసేశాక కూడా ముప్పై రోజులు ట్రాష్‌లోనే ఉంటాయి. అక్కడినుంచీ తొలగించాలి. మా ఫోల్డర్‌కు మీకున్న యాక్సెస్ నేను తీసేశాను గానీ, మీరు డౌన్‌లోడ్ చేసుకున్నవి నా చేతిలో లేవు. ఆగస్టులో మీ ఇంట్లో నెట్ పోయినప్పుడు మూడు ఆడియోలు నేనే వాట్సాప్‌లో పంపాను. అలా పంపి ఉండాల్సింది కాదు, తప్పు నాది. ఇప్పుడు నా వైపునుంచి వాటిని వెనక్కి తీసుకునే గడువు దాటిపోయింది. చాట్‌లోనే కాదు, ఫోన్ స్టోరేజీలో, బ్యాకప్‌లో కూడా చూడండి. మీ ల్యాప్‌టాప్ రిపేరుకిచ్చిన వారం తమ్ముడి కంప్యూటర్ మీద పనిచేశారు కదా, దాన్నీ, అప్పుడు వాడిన పెన్ డ్రైవ్‌నీ మర్చిపోకండి.

బిల్లులు, ఒప్పందం కాపీ, మన ఈమెయిళ్లలో డబ్బు లెక్కలున్నవి మాత్రం ఉంచుకోండి. ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్‌కు కావాలి. మీ పనికి నమూనా కావాలంటే అసలు ఇంటర్వ్యూ ముక్క దాచుకోవద్దు. మీరు చేసిన పనిని వివరిస్తూ కంపెనీ లెటర్‌హెడ్ మీద నేను రాసిస్తాను.

అంతా అయ్యాక ఏ రోజున, ఏయే చోట్లనుంచి తొలగించారో రెండు వాక్యాల్లో మెయిల్ చేయండి. స్క్రీన్‌షాట్‌లు అక్కర్లేదు, మీ మాట చాలు. ఏదైనా ఫైలు పొరపాటున ఇంకెవరికైనా వెళ్లి ఉంటే భయపడకుండా వెంటనే నాకు ఫోన్ చేయండి, ఏం చేయాలో ఇద్దరం కలిసి చూద్దాం.

ఇట్లు,
మాధవి
ప్రాజెక్ట్ మేనేజర్