ఫ్రిస్కో తెలుగు కుటుంబాల వీకెండ్ క్రికెట్ లీగ్: 2026 ఫాల్ సీజన్ రిజిస్ట్రేషన్

అందరికీ నమస్కారం.

ఈ ఫాల్ సీజన్‌కి రిజిస్ట్రేషన్ జులై 25 శనివారం ఉదయం 9 గంటలకి మొదలై ఆగస్టు 16 ఆదివారం రాత్రి 10 గంటలకి ముగుస్తుంది. మొత్తం 8 టీములు, టీముకి 14 మంది, అంటే 112 మందికి చోటు ఉంది. అందులో 16 చోట్లు ఫుల్‌టైమ్ స్టూడెంట్లకి. ఫామ్ నింపితే పేరు ఎక్కినట్టు కాదు. ఫీజు అందాకే ఎక్కుతుంది, డబ్బులు అందిన వరస ప్రకారమే. చోట్లు నిండాక వచ్చినవాళ్ళ పేర్లు వెయిటింగ్ లిస్టులో పెడతాం. "నా పేరు రాసి ఉంచండి, జీతం పడ్డాక పంపిస్తా" అనే మెసేజీలు దయచేసి వద్దు. ఆ మాట ఒకరికి ఒప్పుకుంటే ఇరవై మందికి ఒప్పుకోవాలి.

ఫీజు సంగతి. పెద్దవాళ్ళకి 115 డాలర్లు, స్టూడెంట్లకి 75. గడువు దాటాక చోట్లు మిగిలితే ఆగస్టు 20 వరకూ తీసుకుంటాం, కానీ 20 డాలర్లు అదనం. జెల్ ద్వారానే పంపాలి. ట్రెజరర్ నంబరు ఫామ్ చివరి పేజీలో ఉంటుంది. మెమోలో మీ పూర్తి పేరు, ఫోన్ నంబరులో చివరి నాలుగు అంకెలు రాయండి. మన లిస్టులో శ్రీనివాస్‌లే ఐదుగురు ఉన్నారు, అందులో ఇద్దరి ఇంటిపేరు కూడా ఒకటే. ఒకరి డబ్బు ఇంకొకరి ఖాతాలో వేసి మళ్ళీ సరిచూసుకునే ఓపిక ట్రెజరర్‌కి లేదు.

ఈ డబ్బు ఎటు పోతుందని ప్రతి సీజన్‌లోనూ అడుగుతారు, అడగాలి కూడా. అన్ని చోట్లూ నిండితే చేతికి వచ్చేది 12,240 డాలర్లు. గ్రౌండ్ అద్దె గంటకి 45 చొప్పున 94 గంటలకి 4,230. జెర్సీలు ఒక్కోటి 28 చొప్పున 3,136. ఇన్సూరెన్స్ 1,350. ఫైనల్ రోజు భోజనాలు 1,400. కప్పులు, మెడల్స్ 600. ఐస్, నీళ్ళు, ఫస్ట్ ఎయిడ్ 500. బంతులు, టేపు 400. సెమీస్‌కి, ఫైనల్‌కి బయటినుంచి పిలిచే అంపైర్లకి 360. అన్నీ కలిపితే 11,976. మిగిలే 264 డాలర్లు వర్షం పడి ఏదైనా మ్యాచ్ మళ్ళీ పెట్టాల్సివస్తే అదనపు గంటలకి. సీజన్ అయ్యాక రసీదులతో సహా లెక్క గ్రూపులో పెడతాం. క్యాష్ ప్రైజ్ ఈసారి కూడా లేదు. డబ్బు పెడితే ఆట స్వభావమే మారిపోతుంది.

మానుకోవాలనుకుంటే ఆగస్టు 23 లోపు చెప్పండి, పూర్తి డబ్బు వాపసు ఇస్తాం. 24న జెర్సీలు ఆర్డర్ చేస్తాం కాబట్టి ఆ తర్వాత సెప్టెంబరు 12 వరకూ 28 డాలర్లు తీసుకుని మిగతాది ఇస్తాం. ఆ తేదీ దాటితే వెయిటింగ్ లిస్టులోంచి మీ చోటికి మనిషి దొరికితేనే వాపసు.

టీముల విషయంలో కొంచెం వివరంగా చెప్పాలి. టీముగా రిజిస్టర్ చేసుకోవడం ఈ లీగ్‌లో లేదు, ఎవరికి వాళ్ళే చేసుకోవాలి. ఆటగాళ్ళ వేలం కూడా లేదు. పాయింట్లే కదా, సరదాకే కదా అన్నా, అందరి ముందూ తన పేరు చివరి వరకూ ఎవరూ పిలవకపోతే నలభై ఏళ్ళ మనిషికైనా మనసు చివుక్కుమంటుంది. ఫామ్‌లో మీ ఆటకి మీరే ఎ, బి, సి అని గ్రేడ్ ఇచ్చుకోండి. కమిటీ దాన్ని సరిచూసి, ఆగస్టు 22 శనివారం సాయంత్రం ఎనిమిది మంది కెప్టెన్ల ముందు ఒక్కో గ్రేడులోంచి చీటీలు తీస్తుంది. కాలేజీలో యూనివర్సిటీ టీముకి ఆడి, మోకాలు బాగుండి కూడా సి అని రాసుకునే మహానుభావులకి ముందే చెబుతున్నాం: క్రిక్‌హీరోస్‌లో మీ పాత స్కోర్లు అందరికీ కనిపిస్తాయి.

అన్నదమ్ములు, తండ్రీకొడుకులు, భార్యాభర్తలు ఒకే టీములో ఉండాలంటే ఫామ్‌లో రాయండి, అలాగే ఉంచుతాం. ఒకే కారులో వచ్చేవాళ్ళు ఒక్కరి పేరు అడగొచ్చు. అంతకుమించి "మా ఎనిమిది మందినీ కలిపి వెయ్యండి" అంటే కుదరదు. ఊళ్ళవారీగా, కాలేజీలవారీగా, ఇంకా చెప్పనక్కర్లేని లెక్కల ప్రకారం జట్లు కట్టడానికి వేరే చోట్లున్నాయి. పక్క వీధిలో ఆరేళ్ళుగా ఉంటున్నా పలకరింపు లేని రెండు ఇళ్ళవాళ్ళు ఒకే టీములో పడాలన్నదే ఈ చీటీల ఉద్దేశం.

టీముల పేర్లు ఎప్పటిలాగే నదులవి: గోదావరి, కృష్ణా, పెన్నా, తుంగభద్ర, మూసీ, మంజీర, వంశధార, నాగావళి. ఏ పేరు ఎవరికన్నదీ చీటీలోనే తేలుతుంది. కృష్ణా జిల్లావాళ్ళు మూసీకి ఆడొచ్చు, శ్రీకాకుళంవాళ్ళు మంజీరకి ఆడొచ్చు, గొడవేం లేదు.

జెర్సీ ఫీజులోనే వస్తుంది. ఫుల్ స్లీవ్స్, వెనక పేరు, నంబరు. ఈ కంపెనీ సైజులు కొంచెం బిగుతుగా ఉంటాయి. ఆగస్టు 8, 9 తేదీల్లో ఉదయం 10 నుంచి 12 వరకూ పార్కు షెల్టర్ దగ్గర శాంపిల్స్ పెడతాం, వచ్చి తొడుక్కుని చూసుకోండి. పెళ్ళప్పటి సైజు రాసి తర్వాత మార్చమంటే కుదరదు. పేరు చోట మీ పేరో, ఇంట్లో పిలిచే పేరో మాత్రమే వేస్తాం. కులం, పార్టీ, సినిమా హీరోల బిరుదులు జెర్సీ మీదా వద్దు, గ్రౌండ్‌లో బ్యానర్ల మీదా వద్దు. ఒక టీములో ఒకే నంబరు ఇద్దరు అడిగితే ముందు ఫీజు కట్టినవాళ్ళది. 7, 18, 45 కావాలనుకునేవాళ్ళు మొదటి రోజే కట్టేయడం మంచిది.

ఆడేది టెన్నిస్ బంతికి తెల్ల ఎలక్ట్రికల్ టేపు చుట్టి. బంతులు కమిటీవే. ఇంటి దగ్గర చుట్టి తెచ్చినవి మ్యాచ్‌కి వాడం. స్టంప్స్, బెయిల్స్, మ్యాట్, టీముకో జత కీపింగ్ గ్లవ్స్ మేమే ఇస్తాం. బ్యాటు ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి. బ్యాటర్‌కి, కీపర్‌కి గార్డ్ తప్పనిసరి. టేప్ బాలే కదా అని తీసిపారేయకండి, తగిలినవాళ్ళని అడగండి. బూట్లకి రబ్బరు సోలే ఉండాలి. ఇనుప స్పైక్స్ మ్యాట్‌ని చీరేస్తాయి. చెప్పులతో, క్రాక్స్‌తో ఫీల్డింగ్‌కి దిగితే అంపైర్ బయటికి పంపిస్తారు.

మ్యాచ్ 16 ఓవర్లు. ఒకరికి 3 ఓవర్లకి మించి లేవు కాబట్టి ప్రతి టీమూ కనీసం ఆరుగురితో బౌలింగ్ చేయించాలి. బ్యాటర్ 40 కొట్టాక రిటైర్ అవ్వాలి, మిగతా అందరూ అవుటయితే మళ్ళీ రావచ్చు. 14 మందిలో ప్రతి ఒక్కరికీ ఏడు లీగ్ మ్యాచుల్లో కనీసం నాలుగు దక్కాలి. దీన్ని పాటించని టీముకి లెక్క తగ్గిన ఒక్కో ఆటగాడికి ఒక పాయింటు కోత. గెలవడం కోసం ఫీజు కట్టిన మనిషిని చెట్టుకింద కూర్చోబెట్టడం కుదరదు.

షెడ్యూల్: లీగ్ మ్యాచులు సెప్టెంబరు 19-20, 26-27, అక్టోబరు 3-4, 10-11, 24-25, అక్టోబరు 31-నవంబరు 1, నవంబరు 14-15 వారాంతాల్లో. రోజుకి రెండు మ్యాచులు, ఒక్కో టీముకి వారానికి ఒక్కటే. బతుకమ్మ, దసరా హడావుడి ఉంటుంది కాబట్టి అక్టోబరు 17-18న, దీపావళి నవంబరు 8 ఆదివారం కాబట్టి 7-8న ఆటలు లేవు. సెమీస్ రెండూ నవంబరు 21 శనివారం, ఫైనల్ 22 ఆదివారం. థాంక్స్‌గివింగ్‌కి ఊళ్ళు వెళ్ళేవాళ్ళు టికెట్లు ఆ తర్వాతకి తీసుకోండి.

టైముల దగ్గర జాగ్రత్త. సెప్టెంబరులోనూ, అక్టోబరు మొదటి వారాంతంలోనూ మొదటి మ్యాచ్ 7:30కి, రెండోది 10:30కి. అక్టోబరు 10 నుంచి 31 వరకూ పొద్దు ఆలస్యంగా పొడుస్తుంది, 7:30కి బంతి సరిగా కనబడదు. అందుకని ఆ రోజుల్లో 8కి, 11కి. నవంబరు 1 తెల్లవారుజామున గడియారాలు గంట వెనక్కి వెళ్తాయి, ఆ ఉదయం నుంచి మళ్ళీ 7:30, 10:30. కారులో గడియారం చూసి రావద్దు, ఫోన్ చూసి రండి. టాస్ టైముకి ఎనిమిది మంది లేకపోతే 15 నిమిషాలు ఆగుతాం, ఆ తర్వాత పాయింట్లు అవతలి టీముకి.

లీగ్ మ్యాచులకి అంపైర్లు మనవాళ్ళే. ఆ రోజు రెండో మ్యాచ్ ఆడే టీములు మొదటిదానికి, మొదటిది ఆడినవాళ్ళు రెండోదానికి ఒక్కో మనిషిని ఇవ్వాలి, స్కోరర్‌ని కూడా. స్కోరింగ్‌కి ఎవరికీ డబ్బులిస్తామని మాటివ్వకండి. ఎఫ్-1 మీదున్న పిల్లలకి అది లేనిపోని చిక్కు. ఇండియా నుంచి వచ్చి ఉన్న నాన్నగార్లు, మామగార్లు స్కోరింగ్‌కి కూర్చుంటే మహదానందం. వాళ్ళని మాత్రం గ్రౌండ్‌లోకి దించకండి. విజిటర్ ఇన్సూరెన్స్‌లో ఆటలో తగిలిన దెబ్బలకి కవరేజీ ఉందో లేదో తేల్చుకునే సమయం అది కాదు. లీగ్ ఇన్సూరెన్స్ గ్రౌండ్ బాధ్యత వరకే. ఆడే ప్రతి ఒక్కరికీ సొంత హెల్త్ ఇన్సూరెన్స్ ఉండాలి, ఫామ్‌లో వేవర్ మీద సంతకం చేయాలి.

ఉరుము వినిపిస్తే ఆట ఆపి అందరూ కార్లలోకి వెళ్ళాలి. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాకే మళ్ళీ మొదలు. మ్యాచ్ ఎంత రసపట్టులో ఉన్నా సరే.

పిల్లలకి, అంటే 8 నుంచి 14 ఏళ్ళవాళ్ళకి, శనివారాలు రెండో మ్యాచ్ మొదలైన దగ్గర్నుంచి గంటన్నర పాటు పక్క గడ్డి మైదానంలో కోచింగ్. టీషర్ట్, బంతులతో కలిపి సీజన్‌కి 40 డాలర్లు, దీని లెక్క వేరు. 2024 ప్రపంచకప్‌లో గ్రాండ్ ప్రెయిరీ స్టేడియంలో అమెరికా సూపర్ ఓవర్‌లో పాకిస్తాన్‌ని ఓడించింది. అప్పటిదాకా బేస్‌బాల్ తప్ప వద్దన్న పిల్లలు కూడా బ్యాటు అడిగారు. అందుకే ఈసారి ఇది తప్పనిసరిగా పెట్టాలనుకున్నాం. మహిళలు అదే ఫీజుతో ఏ టీములోనైనా ఆడొచ్చు. విడిగా ఆడాలనుకునేవాళ్ళ కోసం ఫైనల్ రోజు ఉదయం 8 గంటలకి ఆరేసి ఓవర్ల మ్యాచ్ ఉంది, దానికి ఫీజు లేదు, ఫామ్‌లో పేరిస్తే చాలు. ఆ వెంటనే 9:30కి ఫైనల్.

పార్కులో మందు, గాజు సీసాలు వద్దు. కార్లు పార్కింగ్ లాట్‌లోనే పెట్టాలి, ఎదురింటివాళ్ళ వీధిలో కాదు. ఇడ్లీలు, టీ ఫ్లాస్కులు ఎన్నైనా తెచ్చుకోండి, పేపర్ ప్లేట్లు, కప్పులు మాత్రం వెళ్ళేటప్పుడు చెత్తడబ్బాలో పడాలి. ఆ రోజు రెండో మ్యాచ్ ఆడిన టీముల కెప్టెన్లు గ్రౌండ్ ఫొటో తీసి కమిటీకి పంపాకే ఇంటికి వెళ్ళాలి.

జెర్సీలు సెప్టెంబరు 12, 13 తేదీల్లో ప్రాక్టీస్ దగ్గర ఇస్తాం. చవితి 14న, సామాన్లు కొనుక్కునే హడావుడిలో రాలేనివాళ్ళవి కెప్టెన్ తీసుకుంటారు. సందేహాలుంటే గ్రూపులో కాకుండా ఫామ్‌లో ప్రశ్నల గడిలో రాయండి. గ్రూపులో అడిగితే గుడ్ మార్నింగ్ మెసేజీల కింద పడిపోతుంది. రెండు రోజుల్లో జవాబిస్తాం.

ఇట్లు,
ఆర్గనైజింగ్ కమిటీ,
ఫ్రిస్కో, టెక్సస్