హోటల్ లాబీ గోడలకి నాలుగు ఫోటోలు: కాన్వాస్ పెంచే ప్రాంప్ట్‌లు

తమ్ముడూ, రేణిగుంట రోడ్డు హోటల్ వాళ్ళకి ఇవ్వాల్సిన నాలుగు గోడ ప్రింట్లకీ, ఫోటోని అంచులు దాటి పెంచే AI మోడల్‌కి ఇవ్వాల్సిన ప్రాంప్ట్‌లు రాసి పెట్టాను, ఉన్నవి ఉన్నట్టు కాపీ చేసి వాడు. వీటిని చూసేది యాత్రికులు మాత్రమే కాదు, పొద్దున లేస్తే ఆ శేషాచలం కొండ ముఖం చూసే మన ఊరి వాళ్ళు కూడా. కొండ అంచు ఒక్క చోట తేడాగా వంగినా పట్టేస్తారు. అందుకే పెంచిన భాగంలో కొత్త విషయం ఏదీ రాకూడదు, ఉన్న గీతలే ముందుకు సాగాలి. 'అందమైన', 'అద్భుతమైన' లాంటి మాటలు నేను ఎక్కడా పెట్టలేదు, నువ్వూ కలపొద్దు. అవి కనబడితే చాలు, ఆ మోడల్ ఎర్రటి సూర్యోదయాన్నీ పక్షుల గుంపునీ తెచ్చి పెట్టేస్తుంది.

మొదలుపెట్టే ముందు లెన్స్ కరెక్షన్ చేసేయ్. అంచుల దగ్గర గోడ కాస్త వంగి ఉంటే ఆ వంపునే అది ఇంకా పెంచుకుంటూ పోతుంది. ఇంకో మాట, ప్రాంప్ట్‌లో శాతాలు రాశాను గానీ అది స్కేలు పెట్టి కొలవదు, మాటల్లో చెప్పింది దానికి ఒక ఊహ మాత్రమే. కాబట్టి ఖాళీ భాగాన్ని ఖాళీగా వదలొద్దు. ఫోటో అంచు రంగుల్నే లాగి మసకగా నింపు, కొండ అంచునీ హొరైజన్ గీతనీ బ్రష్‌తో ముతగ్గా గీసి పెట్టు. ఆ గీతలు చూసుకుని అది సరిగ్గా నడుస్తుంది.

నాలుగింటికీ మొదట పెట్టాల్సిన పేరా

> ఇచ్చిన ఫోటోలో ఏదీ మార్చవద్దు, మాస్క్ వేసిన భాగాన్ని మాత్రమే నింపు. కొత్త భాగం అదే కెమెరాతో, అదే చోట నిలబడి, అదే క్షణంలో తీసిన ఫోటోలో మిగిలిన ముక్కలా ఉండాలి. హొరైజన్ గీత ఎత్తు మారకూడదు, వంగకూడదు. అంచు దగ్గర తెగిన ప్రతి గీతా అదే కోణంలో, అదే మందంతో కొనసాగాలి. వెలుగు వచ్చే దిక్కు, నీడల పొడవు, గాలిలోని మసక అంతా ఒకేలా ఉండాలి. కొత్త మనుషులు, జంతువులు, పక్షులు, గోపురాలు, బోర్డులు, అక్షరాలు వద్దు. కొత్త భాగం చూపుని లాగకూడదు.

సెట్టింగులు కూడా నాలుగింటికీ ఇవే. సీడ్ ఒక ఫోటో పూర్తయ్యే దాకా మార్చొద్దు, ఏదైనా విడత మళ్ళీ చేయాల్సి వస్తేనే మార్చు.

```
denoise: 0.8
mask blur: 32
overlap: 128
seed: 41873
```

1. మేడ మీద నుంచి శేషాచలం, పొద్దున

గోడ 12 అడుగులు × 5 అడుగులు. మన ఫైలు 6000 × 4000, ఎత్తు అలాగే ఉంచి వెడల్పు 9600 చేయాలి, అంటే రెండు పక్కలా 1800 పిక్సెళ్ళు. ఒకేసారి లాగితే చివరికి వెళ్ళేసరికి కొండ ఇంకో కొండ అయిపోతుంది. ఒక్కో పక్క 900 చొప్పున రెండు విడతల్లో పెంచు, ఎడమ ఒకసారి, కుడి ఒకసారి.

> ఉత్తరం వైపు చూస్తూ తీసిన ఫోటో, ఎండ కుడి పక్క నుంచి తక్కువ కోణంలో పడుతోంది. కాన్వాస్‌ని ఎడమకీ కుడికీ పెంచు. హొరైజన్ గీత పై అంచు నుంచి 62 శాతం దగ్గర ఉంది, అది కొండ వెనక దాగి ఉంది, కొండ పాదాన్ని హొరైజన్ అనుకోవద్దు. కెమెరా నాలుగో అంతస్తు మేడ మీద ఉంది: కెమెరా అంత ఎత్తున్న ఇళ్ళ పై అంచులు, దగ్గరవైనా దూరపువైనా, ఈ గీతనే తాకాలి. అంతకంటే పొట్టి ఇళ్ళు గీతకి కిందే ఉండాలి, వాటి మేడల నేల మనకి కనిపించాలి.
>
> కొండ పై భాగంలో ఎర్రటి రాతి గోడ పొరలు పొరలుగా ఉంది. ఆ పొరలు దాదాపు అడ్డంగా సాగుతున్నాయి, రెండు పక్కలా అదే వాలుతో, అదే మందంతో కొనసాగించు. నిలువు పగుళ్ళు ఒకే దూరంలో వరసగా రాకూడదు. రాతి గోడ కింద వాలంతా పొదల అడవి, ముదురు ఆకుపచ్చ, మధ్యమధ్యలో మట్టి రంగు మచ్చలు. శిఖరం అంచు చదునుగా, పొడవుగా ఉండాలి. మొనదేలిన శిఖరాలు, మంచు, జలపాతాలు వద్దు. కొండ మీద గుడి, గోపురం, మెట్లు, దీపాలు కొత్తగా పెట్టవద్దు.
>
> కింద ఇళ్ళు: డాబాలు, నల్ల నీళ్ళ ట్యాంకులు, బట్టల తీగలు, దూరం వెళ్ళేకొద్దీ చిన్నవిగా, లేత రంగులో. ఫోటోలో ఉన్న ఏ ఇంటినీ మళ్ళీ అచ్చంగా వేయవద్దు. రాతి పొరల నీడలు ఎడమ వైపు పడాలి.

గోపురం వద్దని రెండుసార్లు ఎందుకు రాశానంటే, దక్షిణాది ఊరు, కొండ, పొద్దుటి ఎండ అని అర్థమైతే చాలు, ఇది కొండ మీద ఒక గోపురం నిలబెట్టేస్తుంది. స్వామి గుడి కింద ఊళ్ళోకి కనిపించదు, లేని చోట గుడి పెట్టిన ప్రింటు మన ఊళ్ళో గోడకి ఎక్కకూడదు. ఫలితం వచ్చాక మొదట చూడాల్సింది అదే. తర్వాత రాతి పొరలు: జూమ్ చేసి అతుకు దగ్గర ఒక పొర మీద చూపు పెట్టి ఎడమ నుంచి కుడికి నడిపించు. మధ్యలో ఆ పొర రెండుగా చీలినా, ఇంకోదానిలో కలిసిపోయినా ఆ విడత తీసేసి, సీడ్ మార్చి మళ్ళీ చేయి. పొదలు కాస్త అటూ ఇటూ అయినా పర్వాలేదు, రాయి మాత్రం కుదరాలి.

2. తోతాపురి తోట, బంగారుపాళ్యం వైపు

డైనింగ్ హాల్లో చతురస్రం గోడ, కాబట్టి 6000 × 6000. పైన 400, కింద 1600 పెంచాలి. నాలుగింటిలో నాకు ఎక్కువ టెన్షన్ దీని గురించే. కింద పెంచడమంటే ఏదో మట్టి నింపేయడం కాదు, నేల మన కాళ్ళ దగ్గరికి వస్తోంది, దానికి ఒక లెక్క ఉంది. హొరైజన్ పై నుంచి 1600 పిక్సెళ్ళ దగ్గర ఉంది. పాత కింది అంచు దానికి 2400 కింద, కొత్త కింది అంచు 4000 కింద. నేల చదునుగా ఉంటే ఏ వస్తువైనా హొరైజన్ నుంచి ఎంత కిందికి వస్తే అంత పెద్దగా కనిపిస్తుంది. అంటే పాత అంచు దగ్గర ఉన్న మట్టిగడ్డ కొత్త అంచు దగ్గరికి వచ్చేసరికి దాదాపు 1.7 రెట్లు వెడల్పు ఉండాలి. ఇది రాయకపోతే కిందంతా ఒకే సైజు గులకలు పరిచినట్టు వస్తుంది, చూసేవాడికి నేల నిలువుగా లేచి గోడలా కనిపిస్తుంది.

> మామిడి తోట, రెండు చెట్ల వరసల మధ్య నిలబడి తీసిన ఫోటో. కాన్వాస్‌ని కిందికీ, కొద్దిగా పైకీ పెంచు. వరసలన్నీ హొరైజన్ గీత మీద, ఫోటో మధ్యలో ఉన్న ఒకే వానిషింగ్ పాయింట్‌కి చేరుతున్నాయి. ఎడమ చెట్ల మొదళ్ళని కలిపే గీత, కుడి మొదళ్ళ గీత, నేల మీది నల్లటి డ్రిప్ పైపు, దున్నిన చాళ్ళు, అన్నీ కిందికి వచ్చేకొద్దీ ఆ పాయింట్ నుంచి విచ్చుకుంటూ తిన్నగా సాగాలి. ఏదీ నిలువుగా సమాంతరం కాకూడదు.
>
> కొత్త కింది భాగంలో చెట్టు మొదలు రాదు, వరసలు అప్పటికే రెండు పక్కలా ఫ్రేమ్ దాటిపోయాయి. అక్కడ ఎర్రమట్టి, పొడిగడ్డలు, ఎండిన మామిడి ఆకులు, కొమ్మల మధ్య నుంచి పడిన ఎండ మచ్చలు మాత్రమే ఉండాలి. మట్టిగడ్డలు, ఆకులు, పైపు మందం కింది అంచుకి వచ్చేసరికి ఫోటోలోని పాత కింది అంచు దగ్గర ఉన్నదానికి 1.7 రెట్లు కావాలి, ఆ మార్పు మెల్లగా రావాలి, అతుకు దగ్గర ఒక్కసారిగా పెరగకూడదు. కింది 10 శాతం కొంచెం ఫోకస్ తప్పినట్టు ఉండాలి.
>
> పైన కొమ్మలు, ఆకుల గుబురు కొనసాగించు. కాయలు వేస్తే పొడవుగా, కొన ముక్కులా వంగి, ఆకుపచ్చగా ఉండాలి. గుండ్రటి పసుపు పండ్లు వద్దు. ఆకాశం కనిపించే సందులు ఫోటోలో ఉన్నంత సైజులోనే ఉండాలి.

కాయ ఆకారం గట్టిగా చెప్పకపోతే ఎక్కడివో ఎర్రబుగ్గల మామిడిపళ్ళు వేలాడదీస్తుంది. చిత్తూరు జిల్లా మనిషి ముందు ఆ బొమ్మ పెట్టలేం.

3. చంద్రగిరి రాజమహల్

వెడల్పు 8000, ఎత్తు 4000, రెండు పక్కలా వెయ్యి. భవనం మొత్తం ఫ్రేమ్‌లోనే ఉంది కాబట్టి దీనికి పెద్ద గొడవ లేదు, మబ్బు వెలుగు కావడంతో నీడల సమస్యా లేదు. భవనాన్ని మాత్రం ఒక్క ఆర్చీ కూడా పెంచనివ్వొద్దు, అది చరిత్ర, మనం కట్టేది కాదు.

> రాతి కోటలో మూడంతస్తుల పాత మహల్, మూల నుంచి తీసిన ఫోటో. భవనం ఇప్పుడున్న చోటే ముగుస్తుంది, దాన్ని పొడిగించవద్దు, పక్కన ఇంకో కట్టడం పెట్టవద్దు. రెండు పక్కలా పచ్చిక, అంచు రాళ్ళ దారి, వెనక గుండ్లు పేర్చినట్టున్న రాతి కొండ కొనసాగించు. దారి అంచులు భవనం కింది గీతలు వెళ్తున్న వానిషింగ్ పాయింట్లకే వెళ్ళాలి. మనిషి నిలబడి తీసిన ఫోటో, హొరైజన్ కంటి ఎత్తులో ఉంది: నడుము ఎత్తు మొక్కలు ఎంత దూరంలో ఉన్నా ఆ గీతకి కిందే ఉండాలి, చెట్లు, వెనక కొండ మాత్రమే దాన్ని దాటాలి. ఆకాశం తెల్లటి మబ్బు, చారలు లేకుండా, అంచులకి ముదరకుండా. నీడలు మెత్తగా, దిక్కు లేకుండా.

4. తలకోన, లిఫ్ట్ పక్క నిలువు గోడ

4000 × 6000 ని 4000 × 8000 చేయాలి, పైన 500, కింద 1500. తలకోన ఎత్తు 270 అడుగులని అందరికీ తెలుసు, పైకి పెంచేటప్పుడు జలపాతమే పొడుగు కాకూడదు.

> కెమెరా పైకి వంచి తీసిన జలపాతం. నీళ్ళు పడటం మొదలయ్యే రాతి అంచు ఫోటోలో ఇప్పటికే ఉంది. దాని పైన నీళ్ళు వద్దు, చెట్ల తలలు, కొంచెం ఆకాశం మాత్రమే. నిలువు రాతి పగుళ్ళు, చెట్ల కాండాలు పైకి వెళ్ళేకొద్దీ ఒకదానికొకటి దగ్గరవుతున్నాయి, పైన కూడా అదే ఒరుగుతో సాగాలి. హొరైజన్ పాత ఫోటోలో కింది అంచుకి కొద్దిగా పైన ఉంది. దానికి కింద వచ్చే గుండ్ల పై ముఖాలు కనిపించాలి, దగ్గరికి వచ్చేకొద్దీ ఎక్కువగా. గుండ్లు తడిసి నల్లగా, అక్కడక్కడా నాచుతో, కింది అంచు వైపు పెద్దవవుతూ ఉండాలి. నీళ్ళు స్లో షట్టర్‌లో పట్టినట్టు దారాల్లా మెత్తగా సాగాలి, గడ్డకట్టిన చుక్కలు వద్దు. వంతెన, రెయిలింగ్, స్నానం చేసేవాళ్ళు వద్దు.

చివర్లో అతుకులకి

ముందు అసలు ఫోటోని పై లేయర్‌గా మళ్ళీ పెట్టేయ్, ఎందుకంటే మార్చొద్దని ఎంత చెప్పినా అది లోపల కొద్దిగా ముట్టుకునే ఉంటుంది. తర్వాత అతుకుకి రెండు పక్కలా 150 పిక్సెళ్ళ పట్టీకి మాస్క్ వేసి, denoise 0.3 కి తగ్గించి ఇది నడుపు:

> ఈ పట్టీలో కొత్త వస్తువులు వద్దు. అతుకుకి రెండు పక్కలా ఉన్న భాగాల మధ్య వెలుగు, రంగు తేడాని మాత్రమే కలిపేయి. రాతి గీతలు, పైపు, కొమ్మలు ఉన్న చోటే ఉండాలి, జరగకూడదు. ఇరుపక్కలా ఉన్నంత పదునే ఇక్కడా ఉండాలి, మసక పట్టీ కనిపించకూడదు.

గ్రెయిన్ మాత్రం దీనితో వేయించకు. నాలుగు ఫైళ్ళూ పెద్దవి చేశాక మొత్తం కాన్వాస్ మీద ఒకేసారి ఫోటోషాప్‌లో వేయి, లేకపోతే కొత్త భాగం నున్నగా, పాతది గరుకుగా ప్రింటులో విడివిడిగా తెలిసిపోతుంది. ఫ్లెక్సు షాపుకి ఇచ్చే ముందు కొండ ఫోటోలో ఎడమ అతుకు ఉన్న ముక్కని అసలు సైజులో ఒక అడుగు వెడల్పు కాగితం మీద తీయించి, గోడకి అంటించి, నాలుగడుగుల దూరం నుంచి చూడు. రాతి పొర తెగినట్టు కనిపిస్తే ఆ అతుకు ఏ విడతలో వచ్చిందో ఆ విడత నుంచి మళ్ళీ మొదలుపెట్టు, సీడ్ అప్పుడు మార్చుకో.