బియ్యం, పప్పుల నెలవారీ రేటు గురించి

నమస్తే అండీ, బ్రాడీపేట లేడీస్ హాస్టల్ నుంచి. మొన్న మీరు చెప్పిన రేట్లు చూశాం. మా దగ్గర 60 మంది ఉంటారు, రోజుకి బియ్యం 25 కేజీల పైనే పడుతుంది. నెలకి మా లెక్క:

బీపీటీ పాత బియ్యం, 26 కేజీల బస్తాలు 30
కందిపప్పు 60 కేజీలు
మినపగుళ్లు 30, పెసరపప్పు 15

బస్తా 1,520 అన్నారు, 1,450కి ఇవ్వండి. కందిపప్పు 126 కాకుండా 118 చేయండి. మిగతా రెండూ మీరు చెప్పిన రేటుకే తీసుకుంటాం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఇవే రేట్లు ఉండాలి. మెస్ ఫీజు ముందే వసూలు చేస్తాం కాబట్టి మధ్యలో పెరిగితే మేం సర్దుకోలేం. ఒక్క కందిపప్పు మాత్రం బజార్లో కేజీకి 10 రూపాయలు దాటి పెరిగినా తగ్గినా మళ్లీ మాట్లాడుకుందాం.

రేటుకన్నా సరుకు ముఖ్యమండీ. డిసెంబరులో కొత్త బియ్యం కలుస్తుంది. అది పెద్ద గిన్నెలో ముద్దవుతుంది, అన్నం ఒదగదు, అదే పిల్లలకి బస్తా ఎక్కువ పడుతుంది. అందుకే మూడు నెలల సరుకూ ఒకే మిల్లు లాటులోంచి పక్కన పెట్టండి. ప్రతి లోడులో ఒక బస్తా విప్పి అరకేజీ వండి చూస్తాం. ముద్దైనా, నూక ఎక్కువున్నా ఆ లోడు మార్చాలి. పప్పు పాతదైతే ఎంతసేపు పెట్టినా పలుకు పోదు, గ్యాసు దండగ. తూకం గోనె కాకుండా చూస్తాం.

సరుకు రెండు విడతలుగా, 1న, 16న, ఉదయం 11 లోపు దింపించండి. ఆటో, హమాలీ మీవే. సరుకు దిగిన మూడో రోజుకల్లా డబ్బు ఫోన్‌పే చేస్తాం, అప్పు పెట్టం. సరేనంటే శనివారంలోగా రెండు కేజీల బియ్యం, అరకేజీ కందిపప్పు శాంపిలు పంపండి.