అమ్మ మందుల పట్టిక: నవంబర్ 3 సోమవారం నుంచి 16 ఆదివారం వరకు

పేషెంటు: అమ్మ, 72 ఏళ్లు. షుగర్, బీపీ, థైరాయిడ్, కొలెస్ట్రాల్ ఉన్నాయి.
మందులు ఇచ్చేది: పిన్ని. నేను పుణెలో ఉండే 14 రోజులు.
మాత్రలు లెక్కపెట్టింది: నవంబర్ 2, 2025, ఆదివారం రాత్రి, ఆ రోజు మందులన్నీ అయ్యాక.

పిన్నీ, అన్నిటికంటే ముందు ఒక్క మాట. 3వ నంబర్ మాత్ర టిఫిన్ ప్లేటు అమ్మ ముందుకు వచ్చాకే ఇవ్వు. తినను అంటే ఆ మాత్ర ఇవ్వొద్దు. పోయిన సోమవారం, అక్టోబర్ 27న, కార్తీక సోమవారమని అమ్మ మాకెవరికీ చెప్పకుండా ఉపవాసం ఉంది. మాత్ర మాత్రం అలవాటుగా వేసేసుకుంది. పదకొండింటికి చూస్తే జాకెట్టంతా చెమటతో తడిసిపోయింది, పూజ గదిలో అగ్గిపుల్ల గీయడానికి కూడా చేతులు నిలవడం లేదు. షుగర్ 58. ఈ కాగితం రాయడానికి కారణం అదే.

ప్రతి స్ట్రిప్ వెనక స్కెచ్ పెన్నుతో నంబర్ వేశాను. పట్టికలోవీ అవే నంబర్లు. ఇంగ్లీషు పేరు చదవాల్సిన పని లేదు, నంబర్ చూసి తియ్యి.

రోజూ ఇచ్చేవి

| టైము | నం. | మాత్ర | దేనికి | ఎన్ని | తిండితో ఎలా |
|---|---|---|---|---|---|
| ఉదయం 6:00 | 1 | థైరాక్సిన్ 50 మైక్రోగ్రాములు | థైరాయిడ్ | 1 | పరగడుపున, మంచినీళ్లతోనే. కాఫీ 7 గంటలకు |
| ఉదయం 7:30 | 2 | పాంటొప్రజోల్ 40 మి.గ్రా. | కడుపులో మంట | 1 | టిఫిన్‌కి అరగంట ముందు |
| ఉదయం 8:00 | 3 | గ్లిమిపిరైడ్ 1 మి.గ్రా. | షుగర్ | 1 | ప్లేటు ముందు పెట్టాక, మొదటి ముద్దకి ముందు |
| ఉదయం 8:30 | 4 | మెట్‌ఫార్మిన్ ఎస్ఆర్ 500 మి.గ్రా. | షుగర్ | 1 | టిఫిన్ అయిన వెంటనే |
| ఉదయం 8:30 | 5 | టెల్మిసార్టన్ 40 మి.గ్రా. | బీపీ | 1 | తిండితో సంబంధం లేదు, టైము తప్పకూడదు |
| మధ్యాహ్నం 1:30 | 6 | ఆస్పిరిన్ 75 మి.గ్రా. | రక్తం గడ్డ కట్టకుండా | 1 | భోజనం తర్వాత, ఖాళీ కడుపున వద్దు |
| మధ్యాహ్నం 1:30 | 7 | కాల్షియం 500 మి.గ్రా. | ఎముకలు | 1 | భోజనం తర్వాత |
| రాత్రి 8:30 | 4 | మెట్‌ఫార్మిన్ ఎస్ఆర్ 500 మి.గ్రా. | షుగర్ | 1 | భోజనం తర్వాత |
| రాత్రి 9:00 | 8 | అటోర్వాస్టాటిన్ 10 మి.గ్రా. | కొలెస్ట్రాల్ | 1 | భోజనం తర్వాత |
| రాత్రి 9:00 | 9 | అమ్లోడిపిన్ 5 మి.గ్రా. | బీపీ | 1 | పడుకోబోయే ముందు |

వారానికి ఒక్కసారి: 10వ నంబర్, విటమిన్ డి 60,000 యూనిట్ల క్యాప్సూల్. ఆదివారం మధ్యాహ్నం భోజనం తర్వాత. మన లెక్కలో 9న ఒకటి, 16న ఒకటి, అంతే. ఇది పొరపాటున కూడా రోజూ వేసేది కాదు, అందుకే డబ్బాల్లో పెట్టకుండా బీరువాలో మందుల ఫైల్ పక్కన పెట్టాను.

మిగిలినవి, ఉండాల్సినవి

| నం. | మాత్ర | 2 రాత్రి చేతిలో ఉన్నవి | ఏ రోజు దాకా వస్తాయి | 9 రాత్రి ఉండాలి | 16 రాత్రి ఉండాలి |
|---|---|---|---|---|---|
| 1 | థైరాక్సిన్ | 38 | డిసెంబర్ 10 | 31 | 24 |
| 2 | పాంటొప్రజోల్ | 22 | నవంబర్ 24 | 15 | 8 |
| 3 | గ్లిమిపిరైడ్ | 17 | నవంబర్ 19 | 10 | 3 |
| 4 | మెట్‌ఫార్మిన్ (రోజుకి 2) | 46 | నవంబర్ 25 | 32 | 18 |
| 5 | టెల్మిసార్టన్ | 9 | నవంబర్ 11 | 17 (కొత్తవి 15 కలిపి) | 10 |
| 6 | ఆస్పిరిన్ | 25 | నవంబర్ 27 | 18 | 11 |
| 7 | కాల్షియం | 12 | నవంబర్ 14 | 20 (కొత్తవి 15 కలిపి) | 13 |
| 8 | అటోర్వాస్టాటిన్ | 20 | నవంబర్ 22 | 13 | 6 |
| 9 | అమ్లోడిపిన్ | 31 | డిసెంబర్ 3 | 24 | 17 |
| 10 | విటమిన్ డి (వారానికి 1) | 3 | నవంబర్ 23 | 2 | 1 |

9వ తారీకు ఆదివారం రాత్రి ఒకసారి అన్నీ లెక్కపెట్టి నాకు ఫోన్‌లో చదువు. ఒకటి ఎక్కువ మిగిలితే ఒక పూట మర్చిపోయినట్టు, ఒకటి తగ్గితే రెండుసార్లు వేసినట్టు. ఎక్కువ మిగిలినదాని గురించి కంగారు పడకు. తగ్గితే మాత్రం 9 దాకా ఆగకుండా ఎప్పుడు గమనిస్తే అప్పుడే చెప్పు, అర్ధరాత్రైనా సరే.

కొనాల్సినవి, 8వ తారీకు శనివారం లోపు: 5వ నంబర్ ఒక స్ట్రిప్ (15), 7వ నంబర్ ఒక స్ట్రిప్ (15). ప్రిస్క్రిప్షన్, డబ్బులు ఫైల్లో మొదటి కవర్లో ఉన్నాయి. మారతహళ్లిలో మన వీధి చివరి మెడికల్ షాపులో తెలుగులోనే మాట్లాడొచ్చు. పాత స్ట్రిప్ తీసుకెళ్లి చూపించి, అదే కంపెనీది అడుగు. ఎందుకంటే ఆగస్టులో ఒక షాపువాళ్లు వేరే కంపెనీ బీపీ మాత్ర ఇచ్చారు. మందు అదే, రంగు వేరు. అమ్మ అది కొత్త మందు అనుకుని పాతదీ కొత్తదీ రెండూ రెండు రోజులు వేసుకుంది, లేస్తే కళ్లు తిరిగాయి. వేరే కంపెనీదే దొరికితే తీసుకో, కానీ ఇంటికి రాగానే దాని వెనక 5 అని రాసి, అమ్మకు చూపించి, "ఇది దాని బదులే అక్కా" అని చెప్పు.

డబ్బాలు

పసుపు మూత ఉదయం, తెల్ల మూత మధ్యాహ్నం, నీలం మూత రాత్రి. 4వ నంబర్ రెండు పూటలా ఉంది కాబట్టి పసుపు డబ్బాలో 23, నీలం డబ్బాలో 23 పెట్టాను. థైరాక్సిన్ సీసా మాత్రం అమ్మ మంచం పక్కన, అలారం గడియారం దగ్గర ఉంటుంది. కిటికీ గట్టు మీదికి మార్చొద్దు, పొద్దున్నే ఎండ అక్కడే పడుతుంది.

స్ట్రిప్పుల్ని కత్తెరతో ముక్కలు చెయ్యకు పిన్నీ. అమ్మకి ఆ అలవాటు ఉంది, పర్సులో వేసుకుంటుంది. కత్తిరిస్తే మందు పేరూ, ఎక్స్‌పైరీ తారీకూ ఉన్న ముక్క పోతుంది. 3, 9 రెండూ చిన్న చిన్న మాత్రలు, విడిగా చేతిలో పెడితే నాకే ఏది ఏదో తెలియదు. స్ట్రిప్ నుంచి నేరుగా అమ్మ అరచేతిలోకి తీసి, మింగేదాకా పక్కనే నిలబడు.

మింగాక హాల్లో కేలండర్లో ఆ తారీకు గడిలో ఉ, మ, రా అని రాయి. మళ్ళీ ఇవ్వాలా వద్దా అని అనుమానం వస్తే గడి చూడు. గడిలో రాయకపోయినా, ఇచ్చానేమో అనిపిస్తే మళ్ళీ ఇవ్వకు. స్ట్రిప్ లెక్కపెడితే తెలిసిపోతుంది. ఒక పూట తప్పిపోతే తర్వాతి పూట రెండు కలిపి వేయడం ఏ మందుకీ లేదు.

కాఫీ గొడవ

ఆరింటికి మాత్ర వేసి ఏడింటికి కాఫీ. ఆ గంట అమ్మకి చాలా కష్టం, డికాషన్ వాసన వస్తే ఇంకా కష్టం. అందుకే డికాషన్ ఆరున్నర తర్వాత వెయ్యి. కాఫీతో కలిస్తే థైరాయిడ్ మాత్ర ఒంటికి సరిగ్గా పట్టదు. కాల్షియం కూడా అంతే, రెంటికీ మధ్య కనీసం నాలుగు గంటలు ఉండాలి. అందుకే దాన్ని మధ్యాహ్నానికి పెట్టాం, ముందుకు జరపొద్దు.

మెట్‌ఫార్మిన్ పెద్ద మాత్ర, గొంతులో అడ్డం పడుతోందని అమ్మ విరిచి వేసుకోబోతుంది. ఎస్ఆర్ అంటే మందు మెల్లగా విడుదలయ్యే రకం, విరిస్తే అంతా ఒకేసారి దిగిపోతుంది. గ్లాసు నిండా నీళ్లిచ్చి మొత్తంగా మింగించు.

కార్తీక సోమవారాలు (3, 10), పౌర్ణమి (5, బుధవారం)

డాక్టర్‌గారు కడుపు మాడ్చే ఉపవాసం వద్దన్నారు. అమ్మ చివరికి ఒప్పుకున్నది ఇది: ఉల్లి, వెల్లుల్లి లేకుండా పొద్దున ఉప్మా, మధ్యాహ్నం పెరుగన్నం, సాయంత్రం దీపం పెట్టాక పళ్లు, రాత్రి రెండు చపాతీలు. ఇలా తింటే మందులు పట్టికలో ఉన్నట్టే. పొద్దున ప్లేటు పక్కకు నెట్టేస్తే 3 ఆపేసి, కేలండర్లో "3 లేదు" అని రాసి, నాకు ఫోన్ చెయ్యి. నువ్వు చెబితే వింటుంది పిన్నీ, నా మాటకి "శివుడి కన్నా నీ డాక్టర్ ఎక్కువా" అంటుంది.

పౌర్ణమి నాడు 365 వత్తులు వెలిగించి గుడి నుంచి వచ్చేసరికి ఆలస్యమవుతుంది. రాత్రి మందులు కూడా దానికి తగ్గట్టు జరపు, భోజనం తర్వాతే. బయటికి వెళ్లేటప్పుడు నీ సంచిలో గ్లూకోజ్ పొడి, రెండు అరటిపళ్లు ఉండాలి.

షుగర్ పడిపోతే

చెమటలు, చేతుల వణుకు, విపరీతమైన ఆకలి, మాట తడబడటం, ఊరికే చిరాకు. ఇవి కనిపిస్తే మిషన్‌తో చూడు. 70 కన్నా తక్కువ ఉంటే నాలుగు టీ స్పూన్ల పంచదార అర గ్లాసు నీళ్లలో కలిపి తాగించు. 15 నిమిషాలకి మళ్ళీ చూడు, ఇంకా 70 దాటకపోతే మళ్ళీ తాగించు. దాటాక ఏదైనా తినిపించు, ఇడ్లీ అయినా సరే. మిషన్ దొరక్కపోతే వెతుకుతూ కూర్చోకు, ముందు పంచదార నీళ్లు. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు. 108కి ఫోన్ చేసి, తర్వాత నాకు.

మామూలుగా షుగర్ చూసేది సోమ, గురువారాలు, టిఫిన్‌కి ముందు. మిషన్ స్ట్రిప్పులు 18 ఉన్నాయి, నాలుగుసార్లకి నాలుగు పోయినా 14 చేతిలో ఉంటాయి. అనుమానం వచ్చినప్పుడు లెక్క చూసుకోకుండా వాడు. బీపీ గురు, ఆదివారాలు, కూర్చోబెట్టి ఐదు నిమిషాలు ఆగాక. పై నంబర్ 100 కన్నా తక్కువ వస్తే బీపీ మాత్ర ఇవ్వకముందే నాకు చెప్పమన్నారు డాక్టర్‌గారు.

నాకు గానీ డాక్టర్‌గారికి గానీ వెంటనే చెప్పాల్సినవి

వాంతులు, విరేచనాలు పట్టుకుంటే 4, 5 ఇచ్చే ముందు అడుగు, ఒంట్లో నీరు తగ్గినప్పుడు అవి మంచివి కావు. మలం నల్లగా తారులా వస్తే ఆస్పిరిన్ ఆపి ఫోన్ చెయ్యి. చీలమండల దగ్గర వాపు వస్తే చెప్పు. ఛాతీలో నొప్పి, మూతి వంకర పోవడం, ఒక పక్క చెయ్యి లేవకపోవడం, వీటికి మాత్రం నా ఫోన్ కోసం ఆగకుండా 108.

మోకాళ్ల నొప్పి వస్తే నీ బ్యాగులో ఉండే నొప్పి మాత్ర ఇవ్వకు పిన్నీ. నీకు పడుతుంది, అమ్మకి ఉన్న బీపీ మందుతో, ఆస్పిరిన్‌తో అది కిడ్నీనీ కడుపునీ దెబ్బ తీస్తుంది. పారాసెటమాల్ 500 మి.గ్రా. నీలం డబ్బా పక్కన ఉంది, 10 మాత్రలు. ఒకటి వేసి ఆరు గంటలు ఆగాలి, రోజుకి మూడు దాటకూడదు. వేసినప్పుడల్లా కేలండర్లో "నొప్పి 1" అని రాయి.

పాత ఫైల్లో ఇంకో బీపీ మాత్ర పేరు కనిపిస్తుంది, మార్చిలోనే ఆపేశారు. మిగిలిన స్ట్రిప్పులు నేనే తీసేశాను, ఇంట్లో ఎక్కడైనా దొరికితే అమ్మకి కనిపించకుండా పక్కన పెట్టు. ఫోన్ నంబర్లన్నీ ఫ్రిజ్ తలుపు మీద ఉన్నాయి. నేను 16 రాత్రి తొమ్మిదింటికల్లా ఇంట్లో ఉంటాను, ఆ పూట 8, 9 నేనే ఇస్తాను.