పెళ్ళి భోజనాల అడ్వాన్స్‌లో 97 ప్లేట్ల డబ్బు తిరిగి ఇవ్వడం గురించి

క్యాటరింగ్ యజమాని గారికి,

నమస్కారం. ఈ నెల 9వ తేదీ ఆదివారం జరిగిన మా అమ్మాయి పెళ్ళికి మధ్యాహ్నం భోజనాలు మీకు అప్పజెప్పాం. నిన్న మీ ఆఫీసు నుంచి మెసేజ్ వచ్చింది, మిగతా 30 శాతం ఎప్పుడు వేస్తారని. అది చూశాక ఇక ఫోన్లలో మాట్లాడి లాభం లేదనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను. నేను మీకు బాకీ లేను. మీరే నాకు కొంత తిరిగి ఇవ్వాలి. ఎంత, ఎందుకు అన్నది కింద చెబుతాను.

మన ఒప్పందం 600 ప్లేట్లకు, 14 ఐటమ్‌లతో. బఫే టేబుళ్ళ దగ్గర వడ్డించడానికి 20 మంది ఉండాలి. వంట సామాను, మనుషులు అంతా 11 గంటలకల్లా హాలుకు చేరాలి, 12:30కి వడ్డన మొదలవ్వాలి. బుక్ చేసిన రోజు 20 శాతం, పెళ్ళికి పది రోజుల ముందు 50 శాతం ఇచ్చాను. రెండింటికీ మీ రసీదులు ఉన్నాయి. ప్లేటు ధర మీద లెక్క కాబట్టి, 600లో 70 శాతం అంటే 420 ప్లేట్ల డబ్బు ముందే మీ చేతిలో ఉంది.

ఆ రోజు మీ వ్యాన్ వచ్చింది 1:10కి. బండి దారిలో ఆగిపోయిందన్నారు. బళ్ళన్నాక ఆగుతాయి, దాన్ని నేను తప్పు పట్టను. కానీ 11:20 నుంచి ఒంటిగంట దాకా మా బావమరిది ఐదుసార్లు ఫోన్ చేస్తే ఐదుసార్లూ "పది నిమిషాల్లో ఉంటాం సార్" అన్నారు. ఒక్కసారి నిజం చెప్పి ఉంటే అప్పుడే వేరే ఏర్పాటు చూసుకునేవాళ్ళం. వచ్చినవాళ్ళు పదకొండు మంది. మిగతావాళ్ళేరని అడిగితే వాళ్ళలో ఒక కుర్రాడు, పాపం దాచాలని కూడా తెలియక, "ఇంకో పెళ్ళి ఉంది కదండీ, అక్కడికెళ్ళారు" అన్నాడు. ఒకే రోజు రెండు ఆర్డర్లు ఒప్పుకోవడం మీ ఇష్టం. మా మనుషుల్ని అక్కడికి పంపడం మాత్రం మీ ఇష్టం కాదు.

రాసుకున్న 14లో పది ఐటమ్‌లే జనం ముందుకు వచ్చాయి. ఒక కూర, రెండో స్వీటు, ఐస్‌క్రీమ్ అసలు బండిలోనే లేవు. ఇంకో కూర వచ్చింది కానీ మూత తీయగానే పులిసిన వాసన. ఎప్పుడు వండారని మీ సూపర్‌వైజర్‌ని అడిగితే తెల్లవారుజామున అన్నాడు. ఆ గిన్నె కింద మంట లేదు, వేడి నిలిపే డబ్బాలో పెట్టి తెచ్చిందీ కాదు. వండినదాన్ని బయట రెండు గంటలకు మించి అలా ఉంచకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఈ పనిలో ఉన్న మీకు నేను చెప్పాలా? పారబోయమన్నది నేనే. తిని ఎవరికైనా ఏమైనా అయితే ఈ ఉత్తరం ఇంకోలా ఉండేది.

నాకు ఇప్పటికీ చెవిలో మోగేది మాత్రం 2:15 దగ్గర చప్పుడు. మీ మనిషి గరిటెతో గిన్నె అడుగు గీకుతున్నాడు. ఎదురుగా మా వియ్యంకుడి అన్నగారు, డెబ్భై దాటిన మనిషి, ఖాళీ ప్లేటు పట్టుకుని నిలబడ్డారు. ఆయన ఒక్క మాట అనలేదు. ప్లేటు మెల్లగా టేబుల్ మీద పెట్టి వెళ్ళి కూర్చున్నారు. తిట్టి ఉంటే కొంచెం తేలిగ్గా ఉండేదేమో. మా ఆవిడ పెళ్ళికూతురి పక్కన ఉండాల్సిన టైములో నీళ్ళ బాటిళ్ళ కోసం పరుగెత్తింది. వీటికి నేను డబ్బు లెక్క కట్టడం లేదు, కట్టలేను కూడా.

"మీరు చెప్పినదానికన్నా జనం ఎక్కువ వచ్చారు" అని మర్నాడు ఫోన్‌లో అన్నారు. అది నిజం కాదు. హాలు తలుపు దగ్గర లెక్క ప్రకారం వచ్చింది 560 మంది, ఆర్డర్ కంటే 40 తక్కువే. మీ భోజనం అందింది 380 మందికి. ఆ అంకె నాది కాదు, వాడిన ప్లేట్లు ఎంచి మీ సూపర్‌వైజరే కాగితం మీద రాసి సంతకం పెట్టాడు. మిగిలినవాళ్ళలో 150 మందికి అప్పటికప్పుడు బయటి నుంచి భోజనం తెప్పించాం. దాదాపు 30 మంది తినకుండానే వెళ్ళిపోయారు.

ఇక లెక్క. అందిన 380 ప్లేట్లకు డబ్బు మీకు రావాలి, కాదనను. అయితే అవి పూర్తి ప్లేట్లు కావు. 14లో 4 లేవంటే నాలుగో వంతు దాటింది. అన్ని ఐటమ్‌ల ఖర్చూ ఒకటి కాదు కాబట్టి అంత తీయడం లేదు. తగ్గిన ఐటమ్‌లకీ, తగ్గిన మనుషులకీ, ఆలస్యానికీ అన్నిటికీ కలిపి 15 శాతం, అంటే 57 ప్లేట్లు తీశాను. మీకు న్యాయంగా చెందేది 323 ప్లేట్ల డబ్బు. మీ దగ్గర ఉన్నది 420 ప్లేట్లది. తేడా 97 ప్లేట్లు. ఒప్పందంలో రాసిన ప్లేటు ధర ప్రకారం ఆ మొత్తం నాకు తిరిగి ఇవ్వండి. మిగతా 30 శాతం అడిగిన మెసేజ్ వెనక్కి తీసుకుంటున్నట్టు రాసి పంపండి.

బయటి నుంచి తెప్పించిన భోజనం బిల్లు కూడా నా దగ్గర ఉంది. చివరి నిమిషంలో తెచ్చింది కదా, మీ ప్లేటు ధర కంటే ఎక్కువే పడింది. దాన్ని ఈ లెక్కలో కలపలేదు. ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లోగా 97 ప్లేట్ల డబ్బు వస్తే ఆ బిల్లు సంగతి వదిలేస్తాను. రాకపోతే దాన్నీ కలిపి వినియోగదారుల ఫిర్యాదు వేస్తాను. అంతదాకా వెళ్ళాలని నాకూ లేదు, ఇంట్లో ఇంకా చుట్టాలున్నారు, చేయాల్సిన పనులున్నాయి.

ఈ అంకెల్లో ఏదైనా తప్పనిపిస్తే ఏది తప్పో, ఎందుకో కాగితం మీద చెప్పండి, కూర్చుని చూసుకుందాం. ఫోన్‌లో వద్దు. రుచి చూడ్డానికి పిలిచిన రోజు మీరు పెట్టిన భోజనం చాలా బాగుంది, అది చూసే మీకు ఇచ్చాం. అంత బాగా వండగలిగినవాళ్ళతో ఇలా రాయాల్సి రావడం నాకూ కష్టంగానే ఉంది.

అడ్వాన్స్ ఏ అకౌంట్ నుంచి వచ్చిందో దానికే డబ్బు వేయండి. ఒప్పందం, రెండు రసీదులు, సూపర్‌వైజర్ సంతకం పెట్టిన కాగితం, ఫోన్ కాల్స్ వివరాలు, ఖాళీ గిన్నెల ఫోటోలు, బయటి భోజనం బిల్లు, అన్నిటి కాపీలూ దీనితో జత చేశాను. అసలువి నా దగ్గరే ఉంటాయి.

ఇట్లు,
9వ తేదీ పెళ్ళి భోజనాల ఆర్డర్ ఇచ్చిన
పెళ్ళికూతురి తండ్రి