పైలింగ్‌కు ముందు పొరుగు ఇళ్ల పగుళ్ల పరిశీలన నివేదిక

స్థలం: విజయవాడ, పటమట, సెల్లారుతో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్. తనిఖీ: 18-01-2025. ఇరుగుపొరుగు యజమానులు, కాంట్రాక్టరు తరఫు ఇంజనీరు వెంట ఉన్నారు. పైలింగ్ రిగ్ ఇంకా సైటుకు రాలేదు.

తూర్పు డాబా (సుమారు 30 ఏళ్లది, తవ్వకం అంచుకు 2 మీటర్లు): హాలు కిటికీ కుడి పై మూల నుంచి స్లాబు వైపు ఏటవాలు పగులు. పొడవు 900 మి.మీ.; వెడల్పు మూల దగ్గర 0.8, పైన 0.3 మి.మీ. లోపల పాత సున్నం, దుమ్ము పేరుకుని ఉన్నాయి, కొత్తది కాదు. బయటి గోడమీదా అదే చోట కనిపిస్తోంది కాబట్టి ప్లాస్టరుతో ఆగలేదని మా అభిప్రాయం. రెండు కొసల్లోనూ గీత గీసి తేదీ వేశాం, అడ్డంగా గాజుపట్టీ అతికించాం. మిగతా గదుల్లో వెంట్రుకవాసి బీటలే.

దక్షిణపు పెంకుటిల్లు: మట్టి అడుసుతో కట్టిన గోడలు. వంటింటి మూలలో 2 మి.మీ. నిలువు పగులు, తలుపు బిగుసుకుపోతోంది. యజమానురాలి టెన్షన్ సమంజసమే; అదురును తట్టుకునే శక్తి ఈ ఇంటికి తక్కువ. ఇటువైపు సుత్తితో దిగగొట్టే పైల్స్ వద్దు, బోరు పైల్సే వేయాలి. అదురు కొలిచే మీటరు ఈ గోడ దగ్గరే పెట్టాలి.

పడమర కాంపౌండ్ గోడ: పగుళ్లు లేవు.

స్కేలు పెట్టి తీసిన 42 ఫొటోలు జతచేశాం. ప్రతి ఫొటో వెనుక యజమానుల సంతకాలున్నాయి.